గాజు గ్లాసులో పొరల చరిత్ర

మన తెలుగులో "గాజు గ్లాసు" అనే చిత్రమైన మాట ఒకటి ఉన్నది. ఆంగ్లంలో గాజుకే గ్లాసు అని పేరు. ఆ పదార్థంతో చేసిన పాత్రకూ అదే పేరు వచ్చింది. మనవాళ్ళు పదార్థాన్ని వదలిపెట్టి పాత్ర పేరును మాత్రమే తీసుకొని, దానిని ఇత్తడికీ, కంచుకూ, వెండికీ, ఆ తరువాత స్టీలుకూ అన్వయించుకున్నారు. తీరా అసలు గాజుపాత్ర ఇంటికి వచ్చేసరికి దానికి వేరే విశేషణం కావలసి వచ్చింది. వ్యాకరణం చదువుకున్నవారు దీనిని పునరుక్తి అంటారు. నేను మాత్రం దీనిని ఒక చారిత్రక సాక్ష్యంగా భావిస్తాను. తెలుగువాడు తరతరాలుగా పానీయాన్ని లోపలికి చూపు పోని పాత్రలో తాగాడని ఈ ఒక్క మాట చెబుతున్నది.

ఈ మధ్య మా నెల్లూరు తీరంలో, మైపాడు సముద్రపుటొడ్డుకు వెళ్ళిన వాళ్ళు ఫలూదా గ్లాసునో, కోల్డ్ కాఫీనో ఫోటో తీసి, "ఇందులో ఏమేమున్నాయో చెప్పుకోండి" అని పంపడం ఒక వినోదమైంది. ఎరుపు, నలుపు, తెలుపు పొరలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుగా ఉంటాయి. ఇది పొడుపుకథల జాతికి చెందిన ఆటే. అయితే పొడుపుకథకు విడుపు మాటలో ఉంటుంది, దీనికి విడుపు బరువులో ఉన్నది. ఆ బరువుల సంగతీ, ఈ పొరలు మన గ్లాసుల్లోకి వచ్చిన క్రమమూ ఒకే కథ అని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మన ఇంటి పానీయాలను చూద్దాం. శ్రీరామనవమి పానకంలో బెల్లం, మిరియాలు, ఏలకులు పడతాయి. బెల్లం పూర్తిగా కరిగేదాకా కలపడమే అందులోని పని. అడుగున బెల్లం మిగిలితే చేసినవారి చేతికి మాట వస్తుంది. మజ్జిగను చిలికి చేస్తారు, చిలకడమంటేనే పొరలను చెరపడం. "పానకంలో పుడక" అనే జాతీయం పుట్టింది కూడ ఇత్తడి చెంబు ఉన్న లోకంలోనే. ఆ పుడక ముందు నోటికి తగులుతుంది, ఆ తరువాతే కంటికి కనబడుతుంది. పారదర్శకమైన పాత్రలో అయితే దానిని తాగకముందే తీసి పారవేసేవారు, మనకు ఒక జాతీయం తక్కువయ్యేది.

అంతమాత్రాన మనవారికి పొరల జ్ఞానం లేదనుకోరాదు. మజ్జిగ కొంతసేపు కదలకుండా ఉంటే పైకి వచ్చేది తేట. అడుగుకు చేరేది మడ్డి. కాచిన పాలమీద కట్టేది మీగడ. చిలికినప్పుడు, తిరగబోసినప్పుడు పైన నిలిచేది నురగ. బురదనీటి కుండ లోపలి అంచుకు చిల్లగింజను అరగదీసి, మడ్డిని అడుగుకు దింపి, తేటనీరు తీసుకోవడం మన పల్లెలకు పాత విద్య. ఇన్ని మాటలున్నా ఒక విశేషం గమనించండి. ఇవన్నీ ద్రవం తనంతట తానుగా కట్టుకున్న పొరల పేర్లు. మనిషి కావాలని పేర్చి అమ్మకానికి పెట్టిన పొరకు మన భాషలో మాట లేదు. ఆ పని మన ఇళ్ళలో జరగలేదు కనుక మాట అవసరం కాలేదు.

పేర్చిన పొరకు మూడు వస్తువులు కావాలి. మొదటిది నీటికంటె బాగా బరువైన చక్కెరపాకం. రెండవది చల్లదనం కోసం మంచు. మూడవది లోపలి సంగతి బయటికి చూపే గాజు. ఈ మూడూ మన తీరానికి మూడు దారుల్లో వచ్చాయి.

పాకం షర్బతుతో వచ్చింది. షర్బతు అన్న మాట "తాగుట" అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుండి పుట్టింది. యునానీ వైద్యులకు షర్బతు ఔషధరూపం కూడ. వేళ్ళ, పూల సారాన్ని చిక్కని చక్కెరపాకంలో నిలవచేస్తే చెడకుండా ఉంటుంది, కావలసినప్పుడు నీటిలో కలిపి ఇవ్వవచ్చు. నెల్లూరు ప్రాంతం 1801లో పూర్తిగా ఇంగ్లీషు కుంపిణీ చేతికి పోయేదాకా ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉన్నది. షర్బతు, సబ్జా, ఫలూదా వంటి మాటలు మనకు పరాయివిగా తోచకపోవడానికి ఆ రెండు సంస్కృతుల సహవాసమే కారణం. ఇప్పటికీ మొహర్రం రోజుల్లో తెలుగు ఊళ్ళలో షర్బతు పంచుతారు. మన సుగంధిపాల వేరు కూడ ఇదే మార్గంలో నడిచి, పాకంలో చేరి, నన్నారి షర్బతై సీసాలకెక్కింది. ఉత్తరాదిన ఢిల్లీలో హకీం అబ్దుల్ మజీద్ 1907లో రూపొందించిన రూహ్ అఫ్జా ఎర్రని పాకాన్ని ఇంటింటికీ పరిచయం చేసింది.

ఫలూదా మాట పారశీకం. వడగట్టుట, శుద్ధిచేయుట అనే అర్థమున్న క్రియ దానికి మూలం. ఇరానులోని షీరాజు నగరపు ఫలూదాలో ఈనాటికీ పాలుండవు. పిండితో చేసిన సన్నని సేవ్‌ను గడ్డకట్టిన చక్కెరనీటిలో వేసి, పన్నీరు, నిమ్మరసం చేర్చి తింటారు. దానికి పాలు పోసినది హిందూదేశం. మంచుమీగడ, అదే ఐస్‌క్రీము, ఆ తరువాత దాని తల మీదికి ఎక్కింది.

మంచు సంగతి ఇంకా విచిత్రం. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు బోస్టన్ నుండి "టస్కనీ" అనే ఓడలో చెరువుల మంచుగడ్డలను కలకత్తాకు పంపాడు. సుమారు 180 టన్నులు ఎక్కిస్తే, నాలుగు నెలల ప్రయాణంలో కరిగిపోగా సుమారు 100 టన్నులు దక్కాయి. 1842లో మద్రాసు సముద్రతీరాన ఆ మంచును దాచడానికి ఒక భవనం కట్టారు. ఐస్‌హౌస్‌గా పేరుపొందిన ఆ భవనంలోనే 1897లో వివేకానందస్వామి బస చేశారు, నేడది ఆయన పేరనే ఉన్నది. అప్పటి మన నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలోనిదే అయినా, ఆ మంచు దొరల బల్లలకే తప్ప మన పందిళ్ళకు అందే వస్తువు కాదు. 1870ల దశకంలో ఆవిరియంత్రాలతో మంచు చేసే కర్మాగారాలు మద్రాసులో, కలకత్తాలో వచ్చిన పిదపనే ఓడమంచు వెనుకబడింది, మంచు క్రమంగా అంగడి సరుకయింది.

ఇక పొరలను పేర్చి చూపించడమే ముఖ్యమైన పానీయం కూడ ఆ శతాబ్దంలోనే పుస్తకాలకెక్కింది. 1862లో న్యూయార్కులో జెర్రీ థామస్ అచ్చువేసిన మద్యమిశ్రమాల పుస్తకంలో పూస్-కఫే అనే పేరు కనబడుతుంది. రంగురంగుల తీపి మద్యాలను, ఎక్కువ బరువుదానిని ముందుగా, తక్కువ బరువుదానిని తరువాతగా, చెంచా వెనుక నుండి జారవిడుస్తూ పేర్చడమే అందులోని కిటుకు. ఈనాటి మాక్‌టెయిల్ అదే విద్యను మద్యం లేకుండా చేస్తుంది.

ఇక గ్లాసును చదివే పద్ధతికి వద్దాం. నీటి బరువును 1 అనుకుంటే, చిక్కని పాలు సుమారు 1.03. వందకు అరవైఅయిదు పాళ్ళు చక్కెర ఉన్న పాకం సుమారు 1.3. మంచుగడ్డ 0.92. ఐస్‌క్రీములో గాలి బాగా కలిసి ఉంటుంది కనుక అది నీటికంటె చాలా తేలిక. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలు. కింద ఉన్నది బరువైనది, పైన ఉన్నది తేలికైనది. తలకిందులుగా పేర్చిన గ్లాసు నిలవదు, దానంతట అదే కలిసిపోతుంది.

ఈ సూత్రం కోల్డ్ కాఫీలో ఎంత చెబుతుందో చూడండి. చక్కెర వేయని డికాక్షను ఇంచుమించు నీటి బరువే. పాలు దానికంటె కొంచెం ఎక్కువ. కనుక చల్లని పాలమీద డికాక్షనును నెమ్మదిగా పోస్తే అది పైన నిలుస్తుంది. ఫోటోలో కింద తెలుపు, పైన గోధుమరంగు ఉంటే డికాక్షనులో చక్కెర లేదనో, ఉన్నా చాలా స్వల్పమనో గ్రహించవచ్చు. తీపి ఉంటే అది పాలలోనే ఉండాలి. దీనికి విరుద్ధంగా కింద గాఢమైన గోధుమరంగు, పైన తెలుపు ఉంటే ఆ డికాక్షను పాలకంటె బరువైనదన్నమాట. డికాక్షనుకు ఆ బరువును ఇవ్వగలిగేది చక్కెరే. తీపి ఎక్కడున్నదో నాలుకకంటె ముందు రంగు చెప్పేసింది.

లస్సీలో ఇటువంటి పేర్పు ఉండదు. దానిలో చూడవలసినది నురగ, తేట. పైన నురగ మందంగా, చిన్న బుడగలతో ఉంటే అప్పుడే చిలికినది. నురగ అణగి, అంచులో పలచని పచ్చటి తేట విడివడి, పెరుగు తునకలు కిందికి దిగుతుంటే చిలికి చాలాసేపయిందని అర్థం. అక్కడ పొర చేసినవాడి నేర్పును కాదు, గడిచిన కాలాన్ని చెబుతుంది.

ఇప్పుడు ఒక గ్లాసును పూర్తిగా విప్పి చూద్దాం. నా పూర్వ విద్యార్థి ఒకడు, ఇప్పుడు యాభై దాటినవాడు, మైపాడు నుండి ఒక ఫోటో పంపాడు. "మాస్టారూ, ఇందులో ఏమేమున్నాయో చెప్పండి. నాకు షుగరు ఉన్నదని మీకు తెలుసు గదా, తాగవచ్చునా?" అని ప్రశ్న. ఆటగా పంపినదే కాని, రెండవ వాక్యం వలన అది ఆట కాకుండా పోయింది.

పొడుగాటి గ్లాసు, అడుగు సన్నం, పైకి వెడల్పు. అడుగున ముదురు ఎరుపు పొర. దానిపై నల్లని గింజలు వరుసకట్టి ఉన్నాయి. ఆ పైన పారదర్శకమైన దారాల చిక్కు. దానిపై గులాబీరంగు నుండి క్రమంగా తెల్లబడే పాలు. పాలలో మంచుముక్కలు, అన్నిటికీ పైన ఐస్‌క్రీము ఉండ.

గింజలు సబ్జాలా, చియాలా అన్నది తరచుగా వచ్చే సందేహం. సబ్జా మన రుద్రజడ జాతి తులసి విత్తనం. నానితే నిండు నల్లని గింజ చుట్టూ నీలిఛాయ తెలుపు తెర స్పష్టంగా కనబడుతుంది. చియా మెక్సికో ప్రాంతపు మొక్క. దాని గింజ బూడిదరంగులో, చారలు మచ్చలతో, నలుపు తెలుపు గింజలు కలగలిసి ఉంటుంది. ఈ ఫోటోలో గింజలన్నీ ఒకే నలుపు, చుట్టూ తెర ఉన్నది కనుక సబ్జా. తెర పూర్తిగా ఉబ్బి ఉన్నది కనుక కనీసం పావుగంట ముందే నానబెట్టారు. నానిన సబ్జాలో ఎక్కువ భాగం నీరే. అది పాలలో నెమ్మదిగా దిగుతుంది గాని, పాకాన్ని తోసుకొని లోపలికి పోలేదు. అందుకే గింజలు సరిగ్గా పాకానికీ పై పొరకూ మధ్య గీత మీద నిలిచాయి. గింజలు గీత కట్టకుండా ఎరుపంతటా చెదరి ఉంటే, అది చిక్కని పాకం కాదు, నీళ్ళు కలిపిన రంగునీరు అని అనుమానించాలి.

దారాల సంగతి. మొక్కజొన్న పిండివంటి గంజిపదార్థంతో ఒత్తిన ఫలూదా సేవ్ ఉడికినపుడు గాజులా కాంతిని లోపలికి రానిస్తుంది. గోధుమ సేమ్యా ఉడికినా తెలుపుపచ్చగా, మందంగానే ఉంటుంది. ఈ గ్లాసులోని దారాల గుండా వెనుక గింజ కనబడుతున్నది, కనుక గంజి సేవ్. ఇదే షీరాజు నుండి వచ్చిన భాగం. మూలలున్న ఘనాకారపు ముక్కలు కనబడితే అవి చైనాగ్రాసు ముక్కలని తెలుసుకోవాలి, ఇందులో అవి లేవు.

పాలలోని గులాబీరంగు క్రమంగా పలచబడడం కూడ ఒక వాక్యమే. పాలను గరిటె వెనుక నుండి జారవిడిస్తే పొరల మధ్య గీత కత్తితో కోసినట్లుంటుంది. ధారగా పోస్తే పాకం కొంత లేచి పాలలో కలిసి రంగు మెట్లుమెట్లుగా పలచబడుతుంది. కనుక ఇక్కడ పాలు తొందరగానే పోశారు. ఎరుపులో కొంత ఇప్పటికే పైకి పోయినది.

ఇక అసలు ప్రశ్న, చక్కెర ఎంత? దీనికి కొలత కావాలి. ఫోటోలో కొలత తీసేటప్పుడు ఒక మోసం ఉన్నది. గుండ్రని గ్లాసు, అందులోని ద్రవం కలిసి భూతద్దంలా పనిచేసి వస్తువులను అడ్డంగా పెద్దవిచేసి చూపుతాయి. స్ట్రా నీటిలో లావుగా కనబడేది, గింజలు కోలగా సాగినట్లుండేది అందువల్లనే. గ్లాసు గోడ మందం కూడ కంటికి కనబడక, ద్రవం బయటి అంచుదాకా ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. అయితే నిలువు కొలతను ఈ గుండ్రదనం పెద్దగా మార్చదు. కనుక ఎత్తును లోపల కొలవవచ్చు, వెడల్పును బయట కొలిచి గోడ మందం తీసివేయాలి.

"ఒక పదిరూపాయల నాణెం గ్లాసుకు ఆనించి నిలబెట్టి, గ్లాసు ఎత్తుకు ఫోను దించి ఇంకొక ఫోటో తియ్యి నాయనా" అన్నాను. ఆ నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. రెండవ ఫోటోలో గ్లాసు అడుగుభాగపు బయటి వెడల్పు సరిగ్గా రెండు నాణేలు, అంటే 5.4 సెంటీమీటర్లు. గోడలకు రెండువైపులా కలిపి 4 మిల్లీమీటర్లు తీసివేస్తే లోపలి వెడల్పు 5 సెంటీమీటర్లు. ఎర్రని పొర ఎత్తు నాణెంలో ముప్పాతిక, అంటే 2 సెంటీమీటర్లు. ఈ ఎత్తును రంగు మొదలైన చోటినుండి కొలవాలి, బల్లమీది నుండి కాదు. ఇటువంటి గ్లాసుల అడుగు గాజు చాలా మందంగా ఉంటుంది.

వ్యాసార్ధం 2.5, దాని వర్గం 6.25, దానిని 3.14తో గుణిస్తే 19.6. రెండు సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 39 మిల్లీలీటర్లు. పాకం బరువు 1.3 చొప్పున 51 గ్రాములు. అందులో వందకు అరవైఅయిదు పాళ్ళు చక్కెర అనుకుంటే 33 గ్రాములు. చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున ఎనిమిది చెంచాలు. ఇది అడుగు పొర ఒక్కదాని లెక్క. పాలలోకి లేచిన పాకం, ఐస్‌క్రీములోని చక్కెర దీనికి అదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం షుగరు జబ్బు లేని పెద్దవారికి కూడ రోజు మొత్తంలో విడిగా చేర్చిన చక్కెర సుమారు 50 గ్రాములు దాటరాదు, 25లోపు ఉంటే మరీ మంచిది.

ఈ లెక్కలో జాగ్రత్త ఒకటి ఉన్నది. కొలతలో చిన్న పొరపాటు ఫలితంలో పెద్దదవుతుంది. నాణెం గ్లాసుకంటె కెమెరాకు దగ్గరగా ఉంటే పెద్దదిగా కనబడి, గ్లాసు కొలతలన్నీ తగ్గిపోతాయి. ప్రతి కొలతా పదోవంతు తగ్గితే, ఘనపరిమాణం నాలుగోవంతుకు పైగా తగ్గుతుంది. అందుకే నాణెం గ్లాసు పక్కన, ఒకే దూరంలో ఉండాలన్నాను. అట్లాగే పాకం చిక్కదనం నా ఊహ. గింజలు గీతకట్టి నిలవడం ఆ ఊహకు బలమిచ్చింది, అంతవరకే.

చక్కెర తరువాత మా తీరంలో చూడవలసినది మంచు. జువ్వలదిన్నె వంటి చేపలరేవులకూ, రొయ్యల వ్యాపారానికీ మంచుదిమ్మలు నిత్యావసరం. ఆ దిమ్మలు సరుకును చల్లగా ఉంచడానికే గాని, గ్లాసులో వేసుకోవడానికి చేసినవి కావు. మహారాష్ట్రలో 2018లో తినడానికి పనికిరాని మంచుకు లేతనీలం రంగు కలపాలని నిబంధన తెచ్చినది ఈ రెండూ కలిసిపోకూడదనే. ఫోటోలో మంచు ఆకారం చూడండి. నడుమ రంధ్రమున్న గొట్టంలాంటి ముక్కలు తినేమంచు చేసే యంత్రం నుండి వచ్చినవి. నాలుగు పలకల చిన్న ఘనాలు అచ్చులలో గడ్డకట్టినవి. కోణాలు తప్పి, ఒక్కొక్కటి ఒక్కొక్క పరిమాణంలో, ఒక పక్క తేటగా ఇంకొక పక్క పాలతెలుపుగా ఉంటే అవి పెద్ద దిమ్మను పగులగొట్టిన ముక్కలు. దిమ్మ వెలుపలి నుండి లోపలికి గడ్డకడుతూ, నీటిలోని గాలినీ మలినాన్నీ నడుమకు నెట్టివేయడం వలన ఆ నడిభాగం తెల్లబారుతుంది. దిమ్మముక్క అయినంతమాత్రాన చెడ్డదని అనలేము, కాని ఆ దిమ్మ ఎక్కడిదని అడగడానికి అది తగిన కారణం. మావాడి గ్లాసులో రంధ్రపుముక్కలే ఉన్నాయి.

గ్లాసు బయటి చెమట కూడ చదవదగినదే. మా తీరంలో గాలి తేమగా ఉంటుంది. సుమారు 25 డిగ్రీలకంటె చల్లనైన ఏ వస్తువు మీదనైనా నీటిబొట్లు కడతాయి. మంచు పైన తేలుతుంది, పాకం బరువుతో కిందనే కదలకుండా ఉంటుంది, కనుక పైచలువ అడుగుకు త్వరగా దిగదు. అప్పుడే చేసిన గ్లాసుకు పాల ఎత్తున చెమట దట్టంగా, పాకం ఎత్తున పలచగా ఉంటుంది. అడుగుదాకా చెమట ఒకే తీరుగా పట్టి, ధారలు కారి, బల్లమీద వలయం ఏర్పడితే గ్లాసు చాలాసేపటి నుండి అక్కడే ఉన్నది, లేదా పాకాన్ని శీతలపెట్టెలో ఉంచి తీశారు. మంచుముక్కల చుట్టూ పాలు పలచబడి నీలిఛాయ పొర కడితే, అది మంచు కరిగిన నీరని గ్రహించాలి.

ఇంతదాకా కన్ను చెప్పగలిగినవి చెప్పాను. కన్ను చెప్పలేనివి కూడ ఉన్నాయి. హంస పాలను నీటినుండి వేరుచేస్తుందని మన కవిసమయం. ఫోటోకు ఆ శక్తి లేదు. పాలలో కలిసిపోయిన నీరు, పొడిచేసి కలిపిన బాదం, జీడిపప్పు పొరగా విడిపోవు కనుక కనబడవు. పప్పులు పడనివారికి ఫోటో చూసి ధైర్యం చెప్పడం ప్రమాదం. ఎరుపు చూసి గులాబీ అనడం కూడ అలవాటే గాని, రంగుకూ వాసనకూ సంబంధం లేదు. నన్నారి వేరు పాకం సహజంగా గోధుమరంగే అయినా, రంగు కలిపి ఎర్రగా అమ్మడమూ ఉన్నది. సోడాలో వేసిన నన్నారి అయితే గోధుమరంగు గుండా వెలుగు కనబడుతుంది, నిమ్మరసం పడితే కొంచెం మసకబారుతుంది. పాలకింద చేరినపుడు ఆ ఆనవాలు కూడ దొరకదు.

అందుచేత మావానికి ఇట్లా జవాబు రాశాను: "అడుగున చిక్కని ఎర్రపాకం, దానిమీద నానిన సబ్జా, గంజి సేవ్, ధారగా పోసిన పాలు, యంత్రపు మంచు, ఐస్‌క్రీము. గులాబీయో నన్నారియో నీ ముక్కు చెప్పాలి. పాలలో పప్పులపొడి కలిపారేమో అంగడివానిని అడుగు. చక్కెర అడుగుననే ఎనిమిది చెంచాలున్నది, కలపవద్దు." కలపకుండా ఉంటే పాకంలో పెద్దభాగం కిందనే ఉండిపోతుంది. పొరల వలన తాగేవానికి కలిగే ఉపకారం ఇదొక్కటే. అతడు అంగడివానిని అడిగితే అది నన్నారి అని తేలింది. అతడు పైపాలు, సబ్జా, సేవ్ చెంచాతో తీసుకొని, ఎర్రపొరను వదలిపెట్టి, ఆ గ్లాసు ఫోటో కూడ పంపాడు. అందులో ఎరుపు కొంచెం పలచబడి, ఎత్తు ఇంచుమించు అంతే ఉన్నది.

పానకం కలిపి ఇచ్చిన ఇంటివారు తీపి ఎంత వేశారో తామే ఎరుగుదురు, తాగేవాడు వారిని నమ్మి తాగుతాడు. అంగట్లో ఆ పరిచయం లేదు. అక్కడ గాజు పెట్టినది అందం కోసమే అయినా, కొలవదలచుకున్నవానికి లోపలి లెక్కను కూడ అదే చూపిస్తున్నది. పేర్చిన పొరకు మన మాండలికాలలో ఎక్కడైనా అచ్చతెలుగు మాట వాడుకలో ఉన్నట్లు మిత్రులెవరైనా విని ఉంటే తెలుపగలరు. అందాకా మడ్డి, తేట, మీగడ, నురగ అనే నాలుగు మాటలతోనే ఫలూదాను కూడ చదువుకుందాం.